కొండ వాలు మీద డ్రోన్ సర్వే

ఖతార్‌లో నేను సర్వే చేసే సైట్లు అరచేయిలా చదునుగా ఉంటాయి. టేకాఫ్ దగ్గర 80 మీటర్ల ఎత్తు పెడితే సైటంతా అదే ఎత్తు. ఒక ఫొటోలో పడిన నేల తర్వాతి ఫొటోలోనూ పడే ముందు ఓవర్‌లాప్ 80 శాతం, పక్క లైను ఫొటోలోనూ పడే పక్క ఓవర్‌లాప్ 70 శాతం పెట్టి ఎగరేస్తే సరిపోతుంది. మా టెన్షనంతా ఎండతోనే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధం కాబట్టి, మ్యాపును నేలకి బిగించడానికి గుర్తు పెట్టే కంట్రోల్ పాయింట్లన్నీ పొద్దున్నే కొలిచేయాలి.

సెలవుకి విశాఖ వచ్చినప్పుడు మా మేనల్లుడు మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంట్ సైటు ప్లాన్ చూపించాడు. "మావయ్యా, మీరు అక్కడ పెట్టే సెట్టింగులే పెట్టాను, చాలు కదా?" అన్నాడు. చాలవు. ఆ సైటు కొండ వాలు మీద ఉంది. కింద రోడ్డుకీ పై అంచుకీ 40 మీటర్ల తేడా.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. వాడి కెమెరా 80 మీటర్ల నుంచి 120 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు నేలను పట్టుకుంటుంది. 70 శాతం ఓవర్‌లాప్ అంటే లైన్ల మధ్య 36 మీటర్లు, 80 శాతం అంటే ఫొటోకీ ఫొటోకీ 16 మీటర్లు. కానీ పై అంచు మీదికి వచ్చేసరికి డ్రోన్ నేలకి 40 మీటర్లే పైన ఉంటుంది. ఫొటోలో పడే నేల 60 మీటర్లు, 40 మీటర్లు మాత్రమే. దూరాలు మారవు కాబట్టి పక్క ఓవర్‌లాప్ 40 శాతానికి, ముందుది 60కి పడిపోతాయి. రిటైనింగ్ వాల్ కట్టేది సరిగ్గా అక్కడే.

నేలను అనుసరించి ఎగిరే మోడ్ పెట్టమన్నాను. అయితే యాప్‌లో ఉండే నేల ఎత్తులు పాతవి. మొన్న జేసీబీ తవ్విందీ, క్రేనూ వాటిలో ఉండవు. అందుకే ముందు సైటంతా నడిచి చూడాలి. నగరంలో నేవీ ఎయిర్‌ఫీల్డ్ ఉంది కాబట్టి డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో జోన్ చూసుకోకుండా బ్యాటరీ కూడా పెట్టకూడదు.

వాడి కంట్రోల్ పాయింట్లన్నీ కింద రోడ్డు వెంబడే ఉన్నాయి, అక్కడ నడవడం తేలిక కాబట్టి. నాలుగు మూలలకీ, మధ్యకీ, పై అంచుకీ మార్పించాను. మధ్యలో పాయింటు లేకపోతే ఫొటోలన్నీ కలిపి తయారుచేసే నేల మోడల్ గిన్నెలా వంగిపోవచ్చు. ఎర్రమట్టి మీద సున్నం గుర్తు బాగా కనబడుతుంది గానీ దాని నడిబొడ్డు ఎక్కడో తేలదు. 60 సెంటీమీటర్ల నలుపు తెలుపు గళ్ల ఫ్లెక్సీ మేకులతో బిగించడం మేలు.

పై అంచులో ఇంకో రెండు పాయింట్లు కొలిచి, ప్రాసెసింగ్‌లో వాడకుండా పక్కన పెట్టమన్నాను. కంట్రోల్ పాయింట్లలో తేడా 2 సెంటీమీటర్లు వచ్చిందని సంబరపడితే లాభం లేదు, ఎందుకంటే మోడల్‌ని వాటికే బిగిస్తాం. పక్కన పెట్టిన వాటిలో తేడా 15 సెంటీమీటర్లు వస్తే ఆ మ్యాపు మీద గోడ కొలతలు తీయకూడదు.