రెండుసార్లు వచ్చిన 01:10

ముంబై సర్వర్ లాగ్‌లో పేమెంట్ ఫెయిలైన లైను 11:40:12, ఐఎస్‌టీలో. వర్జీనియా డేటాబేస్ లాగ్‌లో దాని జోడీ కోసం వెతికితే 01:10:12 దగ్గర రెండు లైన్లున్నాయి! తేదీ 2024 నవంబర్ 3. ఆ రాత్రి అక్కడ గడియారం గంట వెనక్కి జరిగింది కాబట్టి ఒంటిగంట రెండుసార్లు నడిచింది. లాగ్‌లోనేమో ఆఫ్‌సెట్ లేదు. ఫైల్లో టైమ్ 01:59 నుంచి 01:00కి వెనక్కి దూకిన చోటు పట్టుకుని, పై లైన్లకు -0400, కింది వాటికి -0500 తగిలించి, అన్నిటినీ యూటీసీకి మార్చాను.

```
date -u -d '2024-11-03 01:10:12 -0500'
```

06:10:12 వచ్చింది. ముంబై లైను కూడా యూటీసీలో అదే. కనెక్షన్ టైమౌట్ ఆ రెండో లైన్లోనే ఉంది, మొదటిది గంట ముందటి మామూలు క్వెరీ. ఆఫ్‌సెట్ రాయని లాగ్ చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ ఫార్మాట్‌కి `%z` చేర్పించాను.