కొలత మగ్గుతో ఒక ఆదివారం

తెల్లవారుజామున 5:40కి 150 మిల్లీలీటర్లు. వెళ్ళక ముందు నొప్పి పదికి ఏడు, వెళ్ళివచ్చిన పది నిమిషాలకు రెండు. నోటుపుస్తకంలో ఈ రోజుకు మొదటి వరుస ఇది. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ వేళ, కొలత, ముందూ వెనకా నొప్పి ఎంత ఉన్నదీ మూడు రోజుల పాటు రాయమని తిరుపతిలో యూరాలజీ డాక్టరు గారు చెప్పారు. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని స్నానాలగది గూట్లో పెట్టుకున్నాను. పాఠశాలలో పిల్లలకు కొలతలు నేర్పే నేను ఇంట్లో ఈ లెక్క వేయవలసి రావడం కొంత నవ్వు తెప్పించింది.

ఐదు నెలలుగా ఇదే తంతు. పొత్తికడుపు కింది భాగంలో మూత్రం నిండుతున్న కొద్దీ నొప్పి పెరుగుతుంది, పోయగానే తగ్గుతుంది, గంట తిరగకముందే మళ్ళీ మొదలవుతుంది. మొదట చూపించుకున్నచోట ఇన్‌ఫెక్షన్ అనుకుని, మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష చేయించకుండానే యాంటీబయాటిక్ రాశారు. అది ముగిశాక మరొకటి, ఆ తర్వాత ఇంకొకటి. రెండో మందు నాలుగో రోజున ఇచ్చిన కల్చర్‌లో సూక్ష్మజీవులేవీ పెరగలేదని వచ్చింది. ఆ కాగితాన్ని ఈ డాక్టరు గారు లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే మందు ఒంట్లో ఉండగా ఇచ్చిన మూత్రంలో క్రిములు ఉన్నా పెరగకపోవచ్చు. మందులు ఆపిన రెండు వారాలకు, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి ఇచ్చిన కల్చర్‌లోనూ ఏమీ పెరగలేదు, ఆ తర్వాత చేసిన మరొకదానిలోనూ పెరగలేదు. చీముకణాలు రెండు మూడే, రక్తకణాలు లేవు. చీముకణాలు ఎక్కువగా ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మూత్రకోశానికి క్షయ సోకిందేమో వేరుగా పరీక్షించాలట, ఎందుకంటే ఆ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు. నాకు ఆ అనుమానం లేదన్నారు.

ఆయన అడిగిన ప్రశ్నల్లో ఒకటి మనసులో నిలిచిపోయింది. పరుగెత్తేది బట్టల్లో పడిపోతుందన్న భయంతోనా, నొప్పి భరించలేకనా అని అడిగారు. నొప్పి భరించలేకనే. మూత్రాశయం అదుపు తప్పి ముందే బిగుసుకునే జబ్బులో మొదటిది ఎక్కువగా కనిపిస్తుందనీ, రెండోది ఇన్‌ఫెక్షన్ లేకుండానే మూత్రాశయం నెలల తరబడి నొప్పిపెట్టే ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనే జబ్బు వైపు చూపిస్తుందనీ వివరించారు. దీన్ని ఖాయంగా తేల్చే ఒక్క పరీక్ష అంటూ లేదు కాబట్టి, మిగిలిన కారణాలను ఒక్కొక్కటిగా తీసివేస్తూ రావాలి.

నిన్నటి లెక్క కూడితే 24 గంటల్లో 14 సార్లు, మొత్తం 1,260 మిల్లీలీటర్లు వచ్చింది. అంటే సారికి సగటున 90. ఈ కూడిక చూశాకే నాకు విషయం అర్థమైంది. పెద్దవాళ్ళకు సాధారణంగా ఒక్కసారికి 300, 400 దాకా పడుతుంది. నా మొత్తం ఎక్కువ లేదు కనుక ఇది చక్కెర జబ్బులో లాగా మూత్రం అతిగా తయారవడం కాదు, తయారైన కొద్దిపాటిని నిలుపుకోలేకపోవడం. రాత్రి కూడా మూడుసార్లు లేచాను కనుక పగటి ఆందోళన వల్ల వచ్చిన అలవాటని కొట్టిపారేయడానికీ లేదు.

మధ్యాహ్నం రాగిసంగటిలోకి టమాటా పచ్చడి, చింతపండు పులుసు వేసుకున్నాను. 2:10కి 70 మిల్లీలీటర్లకే నొప్పి ఎనిమిదికి చేరింది. నిన్న పెరుగన్నం తిన్నాక అదే వేళకు 110 పడితే నొప్పి ఐదు. ఒక్కపూట లెక్కతో పులుపును దోషిగా నిలబెట్టలేను. కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే కలుపుకుంటూ చూడాలి, ఎందుకంటే అందరికీ ఒకే పదార్థం పడకపోవడం ఉండదట. మదనపల్లె టమాటాలు గంపలకొద్దీ దిగే ఊళ్ళో ఉంటూ ఇది మానడం ఎంత కష్టమో డాక్టరు గారికి తెలియకపోదు.

"వొళ్ళు వేడి చేసింటుంది, బార్లీ నీళ్ళు తాగు మే," అని అత్తమ్మ సాయంత్రం గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఆమె మాటలో కొంత నిజం ఉంది. బస్సు ప్రయాణానికి భయపడి నీళ్ళు తగ్గించుకుంటున్నాను, దానివల్ల మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతోంది. అయితే ఆమె అందులో నిమ్మకాయ పిండారు. తాగి, 7:25 వరుస పక్కన చిన్నగా "నిమ్మ" అని రాసుకున్నాను.

వచ్చే వారం సన్నటి గొట్టపు కెమెరాతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీ. ఈ జబ్బులో కొందరికి మూత్రాశయం గోడ మీద వచ్చే హన్నర్ పుండ్లు కనబడితే వాటిని కాల్చడమో, వాటిలోకి స్టిరాయిడ్ సూది వేయడమో చేస్తారు, దానితో కొందరికి బాగా తగ్గుతుంది. కనబడకపోతే జబ్బు లేదని అర్థం కాదని ముందుగానే చెప్పారు.

మూడు రోజుల్లో ఒకటి పనిదినమై ఉండాలన్నారు, రేపు సోమవారం. మగ్గును పాత చీరముక్కలో చుట్టి క్యారియర్ సంచి అడుగున పెట్టాను.