పాత ఫైల్లో 21 మిల్లీగ్రాములు

ఆదివారం, హన్మకొండ

కుమార్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చి సంచి దించేలోపే వదిన, మేనకోడలు వచ్చి కూర్చున్నారు. పిల్లకు ఇప్పుడు మూడో నెల. చిన్నప్పుడు బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకున్నానని చెప్పగానే గైనిక్ డాక్టర్ గుండెకు ఎకో రాసి, పాత కాగితాలు తెమ్మన్నారట. నేను ఫార్మసిస్టును కాబట్టి ఫైల్ నా ఒళ్ళోకి వచ్చింది.

"అత్తా, నయమై పదిహేడేళ్ళయింది. ఇప్పుడు గుండెతో ఏం పని?" అంది. వదిన టెన్షన్ వేరు. "మామయ్యకు ఎంత చేయించినా దక్కలే. దీనికి పోయింది అనుకుంటే మళ్ళా ఇదేంది?"

మా బాపుకు వచ్చింది నోటి క్యాన్సర్. ముప్పై ఏళ్ళు జర్దా నమిలాడు. పెద్దవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇట్లా నోరు, రొమ్ము, పేగు లాంటి వాటి లోపలి పొరల్లో పుడతాయి. ఆ పొరల కణాల్లో ఏళ్ళ తరబడి దెబ్బ మీద దెబ్బ పడి, జన్యువుల్లో మార్పులు పోగవుతాయి. అన్ని మార్పులున్న గడ్డలో ఏదో ఒక మూల మందుకు లొంగని కణాలు మిగిలిపోతాయి. బాపుకు అదే జరిగింది.

ఐదేళ్ళ పిల్లకు అట్లా పోగవడానికి కాలమే లేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్, అంటే తెల్లరక్త కణం ఎదిగే దారిలో మధ్యలో ఆగిపోయి, అక్కడే పిల్లలు పెట్టుకుంటూ పోవడం. కొందరిలో మొదటి జన్యు మార్పు తల్లి కడుపులోనే జరిగి ఉంటుంది. తల్లిదండ్రుల తప్పేమీ ఉండదు. వదినకు ఈ మాట రెండుసార్లు చెప్పాను, ఇన్నేళ్ళూ ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది. మార్పులు తక్కువ, కణాలు వేగంగా చీలుతుంటాయి, అందుకే కీమోకు బాగా లొంగుతాయి. మంచి వైద్యం పూర్తిగా అందే దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదికి తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు. అదే ఏఎల్ఎల్ నలభై దాటినవాళ్ళకు వస్తే సగం మంది కూడా కష్టమే. మన దగ్గర పిల్లలకూ ఆ ఫలితం తగ్గిపోవడానికి ఒక పెద్ద కారణం, రెండేళ్ళకు పైగా సాగే వైద్యాన్ని ఖర్చుకో, దూరానికో మధ్యలో మానెయ్యడం. అన్నయ్య తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కించి ఈ పిల్లను హైదరాబాద్ తిప్పిన రోజులు గుర్తొచ్చాయి. ఒక్క డోసు తప్పనివ్వలేదు.

పిన్నులు తుప్పు పట్టి కాగితాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మందుల చార్టు మాత్రం దొరికింది. అందులో గుండెను దెబ్బతీయగల ఎర్ర మందులు రెండున్నాయి. శరీర ఉపరితలం 0.7 చదరపు మీటర్లు. డానోరుబిసిన్ 21 మిల్లీగ్రాములు, నాలుగుసార్లు. కొన్ని నెలల తర్వాత డాక్సోరుబిసిన్ 21 మిల్లీగ్రాములు, మళ్ళీ నాలుగుసార్లు. పిల్ల ఫోన్లో లెక్క వేసింది. 21ని 0.7తో భాగిస్తే డోసుకు చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాములు, నాలుగింటికి 120. గుండె లెక్కలో డానోరుబిసిన్‌ను సగంగా తీసుకుంటారు కాబట్టి అది 60, డాక్సోరుబిసిన్ 120. మొత్తం 180. ఛాతీకి రేడియేషన్ ఇవ్వలేదు.

ఈ మొత్తం వంద లోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ. 250, ఆపైన ఉంటే ఎక్కువ, రెండేళ్ళకోసారి ఎకో చేయించాలి. మధ్యలో ఉన్నవాళ్ళకు ఐదేళ్ళకోసారి. ఈ పిల్లకు ఒక్కసారీ చేయించలేదు, ఎవరూ చెప్పలేదు. నాకు బాధ కలిగించింది అదే. కీమో ఆఖరి రోజున చేతిలో పెట్టాల్సిన ఒక్క పేజీ కాగితం అది.

ఈ ఎర్ర మందులు గుండె కండరంలో కొన్ని కణాలను చంపుతాయి. ఆ కణాలు తిరిగి పుట్టడం దాదాపు ఉండదు. పెద్దవాళ్ళ గుండెకూ ఈ నష్టం ఉంటుంది, కానీ పిల్లల గుండె ఆ మిగిలిన కణాలతోనే పెద్దమనిషి శరీరానికి సరిపడా ఎదగాలి, ఆపైన ఇంకో యాభై, అరవై ఏళ్ళు కొట్టుకోవాలి. చాలా కాలం పైకి ఏమీ తెలియదు. గర్భంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, ఆ బరువు మీద పడ్డప్పుడు దాగిన బలహీనత బయటపడొచ్చు. పైగా ఆయాసం, కాళ్ళ వాపు మామూలు గర్భిణులకూ ఉంటాయని ఎవరూ పట్టించుకోరు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తే మాత్రం ఆ రాత్రే ఆస్పత్రికి పోవాలి. ఈసీజీ బాగుందని వదిలెయ్యకూడదు. గుండె ఎంత బలంగా రక్తం తోస్తుందో ఎకోలోనే తెలుస్తుంది.

180 అంటే గుండె దెబ్బతిందని కాదు, చూసుకోవాల్సిన గుంపులో ఉందని. అది విన్నాక పిల్ల ముఖం కొంచెం తేటపడింది.

పోతూ పోతూ వదిన గుమ్మం దగ్గర ఆగి, అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది. "పుట్టేదానికి గూడ వస్తదా?" రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ లాంటి, వంశంలో వచ్చే కొన్ని రకాలు తప్ప, క్యాన్సర్ తగ్గినవాళ్ళ పిల్లలకు మిగతా పిల్లలకన్నా ముప్పు ఎక్కువేమీ ఉండదని చెప్పాను. చార్టు జిరాక్స్ రెండు కాపీలు తీయించమన్నాను, ఒకటి గైనిక్ డాక్టర్‌కు, ఒకటి గుండె డాక్టర్‌కు. ఎకో మంగళవారం.