ఎముక పైకి లేవలేదు, చెయ్యి కిందికి జారింది

భాకరాపేట ఘాట్‌లో వాన నీళ్ల మీద బండి జారింది. చెయ్యి ఒంటికి ఆనుకుని ఉండగానే కుడి భుజం మొన నేరుగా రోడ్డుకు తగిలింది. లేచి కూర్చుని ఎడమ చేత్తో తడిమి చూసుకుంటే కాలర్ ఎముక చివర చొక్కా కింద ఉసిరికాయంత గుబ్బగా నిలబడి ఉంది. తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా ఇలాంటి భుజాలు చాలా చూశాను. కాలర్ ఎముక భుజంతో కలిసే ఏసీ జాయింట్ పోయిందని అక్కడే అర్థమైంది. ఎంతవరకు పోయిందన్నది తేలడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల గురించే రాయాలనిపించింది. ఎందుకంటే భుజానికి కత్తి పడాలా వద్దా అన్నది అప్పుడే తేలుతుంది, తొందరపాటూ అప్పుడే జరుగుతుంది.

మొదటి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కుడి భుజానికి మాత్రమే. డ్యూటీలో ఉన్న ఆయన ఫిల్మును లైటు వైపు ఎత్తి పట్టుకుని, నా మొహం కూడా చూడకుండా, “గ్రేడ్ 5. రేపు ప్లేటు వేసేద్దాం. వేయకపోతే ఈ చెయ్యి ఇక పనికిరాదు” అన్నారు. నా భార్య పక్కనే ఉంది. ఆమెకు గ్రేడులు తెలియవు, “పనికిరాదు” అన్న మాట తెలుసు. ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఒక్క భుజం ఫిల్ముతో ఆ గ్రేడ్ ఎవరూ చెప్పలేరు.

ఎందుకో చెప్తాను. కాలర్ ఎముక బయటి చివర, భుజం రెక్కలో అక్రోమియన్ అనే మొన, ఈ రెండూ కలిసే చోటే ఏసీ జాయింట్. దాన్ని రెండు జట్ల లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. జాయింటు చుట్టూ ఉన్న ఏసీ లిగమెంట్లు ఎముక ముందుకూ వెనక్కూ కదలకుండా చూస్తాయి. వాటి కింద కాలర్ ఎముకను రెక్కకే ఉన్న కోరకాయిడ్ అనే కొక్కేనికి కట్టిన రెండు గట్టి తాళ్లలాంటివి సీసీ లిగమెంట్లు. చెయ్యి బరువు మొత్తం వాటికే వేలాడుతుంది. అవి తెగితే రెక్కతో సహా చెయ్యి కిందికి జారుతుంది. కాలర్ ఎముక దాదాపు ఉన్నచోటే ఉంటుంది. చూసేవాళ్లకు మాత్రం ఎముకే పైకి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది.

గ్రేడ్ అంటే రాక్‌వుడ్ అనే సర్జన్ 1984లో చేసిన ఆరు రకాల విభజనే, ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. ఒకటో రకంలో ఏసీ లిగమెంట్లు బెణుకుతాయి, ఫిల్ములో ఏమీ కనిపించదు. రెండో రకంలో అవి తెగి, సీసీ లిగమెంట్లు సాగుతాయి. మూడులో రెండు జట్లూ తెగుతాయి, కోరకాయిడ్‌కూ కాలర్ ఎముకకూ మధ్య దూరం ఆరోగ్యంగా ఉన్న భుజంతో పోలిస్తే 25 నుంచి 100 శాతం పెరుగుతుంది. నాలుగులో ఎముక చివర వెనక్కి పోయి కండలో దిగబడుతుంది. ఐదులో ఆ దూరం 100 శాతం దాటి 300 దాకా పోతుంది. ఆరులో ఎముక కోరకాయిడ్ కిందికి దూరుతుంది, అది చాలా అరుదు. మొదటి రెండింటికీ ఆపరేషన్ అక్కర్లేదు. చివరి మూడింటికీ సాధారణంగా చేస్తారు. గొడవంతా మూడు దగ్గరే. రెండో భుజం ఫిల్ములో లేకపోతే శాతం దేనితో లెక్కిస్తారు?

ఆ రాత్రి ఇంటికి వచ్చేశాను. పడుకుంటే ఎముక కిర్రుమని కదిలినట్టు అనిపించేది, అందుకని కుర్చీలోనే దిండు ఆనించుకుని కూర్చున్నాను. రెండు గంటలప్పుడు చిటికెన వేలూ ఉంగరపు వేలూ మొద్దుబారాయి. నరం నలిగిందేమో, ఆయన చెప్పిందే నిజమేమో అని చెమటలు పట్టాయి. రోగులకు నేను రోజూ చెప్పే మాటలేవీ ఆ గంటలో నాకు పనికిరాలేదు. చివరికి భార్యతో స్లింగ్ విప్పించి మోచెయ్యి మెల్లగా చాపితే పది నిమిషాల్లో తిమ్మిరి దిగిపోయింది. మోచెయ్యి గంటల తరబడి మడిచి ఉంటే దాని వెనకనుంచి పోయే నరం నొక్కుకుంటుంది, అంతే జరిగింది. అది కాకుండా చెయ్యి చల్లబడినా, నాడి అందకపోయినా, ఊపిరి తీస్తే గుచ్చుకున్నా, గుబ్బ మీది చర్మం తెల్లబడి బిగిసినా తెల్లవారేదాకా ఆగకూడదు.

మరునాడు చిత్తూరు నుంచి మా అమ్మ వచ్చింది. “పుత్తూరు పోయొద్దాం పద నాయనా, మూడు కట్లతో సరిపోతాది” అంది. మా వైపు ఎముక విరిగితే మొదట తట్టేది పుత్తూరు కట్టే. నేను పోలేదు. విరిగిన ఎముకను బద్దలు పెట్టి కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. ఇక్కడ విరిగింది ఎముక కాదు. కింది నుంచి చెయ్యి బరువు లాగుతూ ఉంటే పైనుంచి ఎముకను ఎంత గట్టిగా అదిమి కట్టినా, కట్టు వదులైన రోజే గుబ్బ మళ్లీ లేస్తుంది. మరీ బిగిస్తే చర్మం పుండు పడుతుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ ఇలా అదిమి కట్టే పట్టీలు వాడి, ఈ కారణాలతోనే మానేశారు. అమ్మ అలిగింది. స్వామికి తలనీలాలు మొక్కుకుని ఊరుకుంది.

తొమ్మిదో రోజు మా సీనియర్ సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు ఫిల్ము అడగలేదు. “ఎడమ చేత్తో కుడి మోచెయ్యిని పైకి తొయ్” అన్నారు. తోస్తే గుబ్బ లోపలికి దిగింది. వదిలితే లేచింది. ఐదో రకంలో ఎముక పైనున్న కండ పొరను చీల్చుకుని బయటికి వచ్చేసి ఉంటుంది, తోసినా మామూలుగా వెనక్కి దిగదు. దిగిందంటే మూడు అనుకోవచ్చు. తర్వాత రెండు భుజాలూ ఒకే ఫిల్ములో పడేలా, ట్యూబును 10, 15 డిగ్రీలు పైకి వంచి, మామూలు భుజం ఎక్స్‌రేలో సగం డోసుతో తీయించారు. దీన్ని జాంకా వ్యూ అంటారు. డోసు తగ్గించకపోతే ఆ జాయింట్ నల్లగా మాడిపోయి ఏమీ తెలియదు. చంక కిందనుంచి ఇంకో ఫిల్ము తీశారు, ఎముక వెనక్కి పోయిందేమో చూడ్డానికి. నాలుగో రకం దెబ్బ ఎదురు నుంచి తీసిన ఫిల్ములో చిన్నదిగా కనిపించి మోసం చేస్తుంది.

స్కేలు పెట్టి కొలిచారు. ఎడమ వైపు 11 మిల్లీమీటర్లు, కుడి వైపు 20. పెరిగింది 9, అంటే 82 శాతం. మూడో రకం. ముందుకూ వెనక్కూ జరగలేదు. “మూడు వారాలు చూద్దాం” అన్నారు. ఆయన పాదాలకు దండం పెట్టాలనిపించింది.

మూడు వారాలు అనడానికి కారణం ఉంది. ఆ లోపు అయితే తెగిన చివరలు ఇంకా పచ్చిగా ఉంటాయి, ఎముకను కిందికి లాగి పట్టి ఉంచితే అవే అతుక్కునే అవకాశం ఉంది. దాటాక మోకాలి వెనక నుంచి తీసిన స్నాయువుతో కొత్త తాడు కట్టాలి, అది పెద్ద ఆపరేషన్. అయినా అందరినీ ముందే కోసేయడం సరికాదని కెనడా సర్జన్లు 2015లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. పూర్తిగా జారిన భుజాల్లో కొన్నింటికి కొక్కెం ప్లేటు వేశారు, కొన్నింటిని స్లింగ్‌తో వదిలేశారు. ఆపరేషన్ చేసినవాళ్ల ఎక్స్‌రేలు అందంగా ఉన్నాయి. మొదటి నెలల్లో చెయ్యి బాగా పనిచేసింది మాత్రం చేయించుకోనివాళ్లకే. రెండేళ్లకు ఇద్దరికీ తేడా లేదు. పైగా ఆ ప్లేటు కొక్కెం అక్రోమియన్‌ను అరగదీస్తుంది, కొన్ని నెలలకు మళ్లీ కోసి తీసేయాలి. “రేపు ప్లేటు వేసేద్దాం” అన్నాయన ఆ రెండో ఆపరేషన్ సంగతి ఎత్తనే లేదు.

స్లింగ్ రెండు వారాలు వేసుకున్నాను. ఆ తర్వాత అసలు పని పట్టు తెగిన రెక్కను కండలతో నిలబెట్టుకోవడమే. అద్దంలో మన వీపు మనకు కనబడదు, అందుకని మా అబ్బాయితో చొక్కా లేకుండా వెనకనుంచి ఫోన్‌లో వీడియో తీయించేవాణ్ణి. రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని ఐదుసార్లు నిదానంగా పైకెత్తి దించాలి. నాలుగో వారంలో దించేటప్పుడు కుడి రెక్క లోపలి అంచు పలకలా లేచి నిలబడేది. అది కనిపించినంత కాలం బరువులు ఎత్తకుండా, గోడకు ఆనుకుని రెక్కను వెనక్కి కిందికి లాగే వ్యాయామమే చేశాను, రోజుకు మూడు పూటలు. ఎనిమిదో వారానికి అంచు అణిగింది. నాకు ఆపరేషన్ తప్పింది ఇక్కడే.

సరిగ్గా ఇదే రకం దెబ్బతో అప్పుడే నా దగ్గరికి దామలచెరువు మామిడి మండీలో లోడింగ్ చేసే అతను వచ్చేవాడు. ఫిల్ములో నాలాగే మూడో రకం. వ్యాయామాలు నాకంటే శ్రద్ధగా చేశాడు. ఆరు వారాలైనా 20 కేజీల క్రేటు ఛాతీ దాటించి లారీ మీదికి అందిస్తుంటే భుజం మీద పొడిచేది, రెక్క అంచు అణగలేదు. చెయ్యిని ఎదుటి భుజం మీద వేయించి ఫిల్ము తీస్తే కాలర్ ఎముక అక్రోమియన్ మీదికి ఎక్కి కూర్చుంది. అంటే ఎముకకు ముందుకూ వెనక్కూ పట్టే లేదు. 2014 నుంచి ఇలాంటివాటిని మూడు-బి అని విడదీసి చెప్తున్నారు, నాది మూడు-ఎ. అతనికి స్నాయువుతో తాడు కట్టారు. ఆరు వారాలు స్లింగ్, మళ్లీ క్రేటు పట్టింది ఐదో నెల దాటాక. మూడో నెలలో కూలి దొరక్క ముందే ఎత్తబోతే నేనే తిట్టాను. కొత్త తాడు ఎముకలో కుదురుకోకముందు బరువు పడితే సాగిపోతుంది, కోరకాయిడ్‌లో రంధ్రం చేసి ఉంటే అక్కడ విరగనూ వచ్చు.

కూలి మనిషి అన్న ఒక్క కారణంతో ముందే ఆపరేషన్ అనడం అందుకే నాకు నచ్చదు. కబడ్డీ ఆడే పిల్లలకూ ఇదే చెప్తాను. వాళ్లు మళ్లీ అదే భుజం మీద పడతారు, కట్టింది తెగే ప్రమాదం ఉంటుంది. మూడో రకమైతే ముందు రెక్క సంగతి చూడమంటాను. నొప్పి లేకుండా చెయ్యి పూర్తిగా లేచి, బలం రెండో చేతికి దాదాపు సమానమయ్యాక మ్యాటు మీదికి దిగొచ్చు. చాలామందికి రెండు మూడు నెలలు పడుతుంది.

నాలుగో నెలలో అమ్మను తీసుకుని అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కాను. గుబ్బ అలాగే ఉంది, అది పోదు. సంచి పట్టీ సరిగ్గా దాని మీద పడితే చర్మం మంట పుడుతుందని ఎడమ భుజానికే తగిలించుకున్నాను. గాలిగోపురం దగ్గర అమ్మ అలిసిపోయి చెయ్యి చాపింది. కుడి చేత్తోనే పైకి లాగాను.