ఐదున్నరా? ఆరున్నరా?

మార్చి 11, 2026, బుధవారం. బెంగళూరు.

ఇవాళ తెల్లారింది ఫోన్ మోతతో. టైమ్ చూస్తే 5:42. నేను ఆన్‌లైన్‌లో సంగీతం ట్రయల్ క్లాసు కుదిర్చిన పాప వాళ్లమ్మ, న్యూజెర్సీ నుంచి. "పన్నెండు నిమిషాలుగా లింకులో కూర్చున్నామండీ, మాస్టారు రాలేదు" అంది. వెనక పాప ఆవలింత కూడా వినిపించింది. పాపం, వాళ్లకి రాత్రి ఎనిమిది దాటింది.

వెంటనే మల్లేశ్వరం మాస్టారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ వేళకి ఆయన తంబురా యాప్ పెట్టుకుని సాధనలో ఉంటారు, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. ఆరుంబావుకి ఆయనే చేశారు. "ఏమ్మా, క్లాసు ఆరున్నరకి కదా, ఇన్ని మిస్డ్ కాల్సేమిటి?" అని. అప్పటికి పాప నిద్రపోయింది.

నేను పంపిన మెసేజ్ మళ్లీ తీసి చూసుకున్నాను:

```
Trial class confirmed: 10th, 8 PM EST
```

తప్పు మాస్టారిది కాదు, వాళ్లమ్మది కాదు. చలికాలమంతా ఆయనకి న్యూజెర్సీ పిల్లల రాత్రి ఎనిమిదంటే మన పొద్దున్న ఆరున్నర. ఈఎస్‌టీ అంటే అమెరికా తూర్పు వైపు చలికాలం టైమ్, ప్రపంచమంతా లెక్కకి వాడే యూటీసీకి ఐదు గంటలు వెనక, మనం ఐదున్నర ముందు, మొత్తం పదిన్నర గంటల తేడా. ఆ లెక్కన ఆయన సరిగ్గానే ఉన్నారు. కానీ మొన్న ఆదివారం, మార్చి 8న, అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరిపారు. ఇప్పుడు అక్కడ నడిచేది వేసవి టైమ్, ఈడీటీ, తేడా తొమ్మిదిన్నర గంటలే. వాళ్ల ఎనిమిది మనకి ఐదున్నర అయింది. అక్కడివాళ్లు నోటి అలవాటుగా ఏడాది పొడుగునా ఈఎస్‌టీ అనే అంటారు. ఆవిడ అన్న మాటని నేను ఏ ఆలోచనా లేకుండా దించేశాను. అక్షరాలా చదివినాయనకి ఒక టైమ్, వాడుకలో చదివినావిడకి ఇంకో టైమ్.

ఇంకో సంగతి, "10th" అన్నాను. ఎవరి పదో తారీఖు? వాళ్లకి మంగళవారం రాత్రి, మనకి అప్పటికే బుధవారం, పదకొండు. మాస్టారు అనుభవం మీద సరిచేసుకున్నారు. కొత్తవాళ్లయితే నిన్న రాత్రి ఎనిమిదికే లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. మన ఇళ్లలో సూర్యోదయం దాకా ముందు రోజే లెక్క కాబట్టి, తెల్లవారుజాము క్లాసుని "మంగళవారం రాత్రిది" అనేవాళ్లూ ఉన్నారు. మా అత్తగారు అలాగే అంటారు, పంచాంగం ప్రకారం ఆవిడ మాట తప్పూ కాదు.

క్షమాపణలు చెప్పి, శుక్రవారానికి మార్చాను. ఈసారి రెండు లైన్లు రాసి, ఇద్దరూ ఉన్న గ్రూపులోనే పెట్టాను:

```
Fri, 13 Mar 2026, 8:00 PM New York time, UTC-4
Sat, 13 Mar 2026, 5:30 AM India time, UTC+5:30
```

రెండు నిమిషాల్లో మాస్టారి జవాబు: "అమ్మా, శనివారం పద్నాలుగు కదా?" నిజమే. పై లైను కాపీ చేసి, వారం మార్చి, తారీఖు మార్చడం మరిచిపోయాను. "Sat" లేకుండా ఉత్త 13 అని ఉంటే ఆయన శుక్రవారం తెల్లవారుజామునే లేచి ఖాళీ స్క్రీన్ చూసేవారు. వారం, తారీఖు ఒకదానితో ఒకటి పొసగకపోతే చదివేవాళ్లు ఆగి అడుగుతారు. ఒక్క తారీఖే ఉంటే అది తప్పని ఎలా తెలుస్తుంది? ఏది తప్పో వారం చెప్పదు, ఏదో తప్పుందని మాత్రం పట్టిస్తుంది.

ఈఎస్‌టీ, ఈడీటీ అన్న పొట్టి పేర్లు ఇక రాయదలచుకోలేదు. మన ఐఎస్‌టీనే చూడండి, ఇజ్రాయెల్‌కీ ఐర్లాండ్‌కీ కూడా అవే మూడక్షరాలు. ఊరి పేరు రాస్తే ఎవరి గడియారమో స్పష్టం. పక్కన యూటీసీ తేడా ఉంటే ఆ రోజు లెక్క సరిచూసుకోవచ్చు. కాకపోతే ఆ అంకె ఆ తారీఖుకే పనికొస్తుంది. ప్రతి వారం క్లాసుకి పాత మెసేజే ఫార్వర్డ్ చేస్తే నవంబర్ 1 తర్వాత మళ్లీ ఇదే తంతు, అప్పుడు న్యూజెర్సీ ఎనిమిది మనకి తిరిగి ఆరున్నర. అందుకే వాళ్లమ్మతో ముందే తేల్చుకున్నాను. క్లాసు పాప గడియారానికే కట్టుబడి ఉంటుంది, ఎందుకంటే పాపకి స్కూలుంది. టైమ్ మార్చుకోవాల్సింది మాస్టారే. ఆయనేమో "ఐదున్నర ఇంకా మంచిదమ్మా, వీధిలో హారన్లుండవు" అన్నారు.

లండన్ అబ్బాయి గుర్తొచ్చాడు. వాళ్ల గడియారాలు మారేది మార్చి 29న, ఆఖరి ఆదివారం. అంతవరకూ అతని టైమ్ మారదు, ఆ తర్వాత గంట ముందుకి వస్తుంది. వంటింటి క్యాలెండర్‌లో, గ్యాస్ బుక్ చేసిన తారీఖు కింద, 29 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఇదేమిటని అత్తగారు అడిగారు. "లండన్ గడియారం" అన్నాను. "ఏకాదశేమో అనుకున్నా" అన్నారు.