ప్రశ్నలోనే తప్పుంటే, రెండు జవాబులు సరైనవిగా కనిపిస్తే: జేఈఈ మెయిన్ అనుభవం

జేఈఈ మెయిన్‌లో ప్రశ్నలు కంప్యూటర్ తెర మీద ఎక్కువగా బొమ్మల రూపంలోనే వస్తాయి. సూత్రాలు, పటాలు, ఆప్షన్లు అన్నీ ఆ బొమ్మలోనే ఉంటాయి. అందువల్ల పైకి వేయాల్సిన ఘాతం కిందికి జారినా, ప్రమాణంలో ఒక అక్షరం ఎగిరిపోయినా హాల్లో మనకు సరిదిద్ది చెప్పేవాళ్లు ఉండరు. ఇన్విజిలేటర్‌ను అడిగినా ప్రయోజనం లేదు, ప్రశ్నను వివరించే అధికారం వారికి ఉండదు. అయితే బొమ్మ అసలు తెరుచుకోకపోయినా, సగమే కనిపిస్తున్నా అది సాంకేతిక సమస్య. అప్పుడు మాత్రం వెంటనే చెయ్యెత్తి పిలవాలి, పరీక్ష అయ్యాక చెబితే వినేవాళ్లు ఉండరు.

ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఏం చేయాలో తేల్చేది మార్కుల నిబంధన. ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో ఈ భాగాన్ని చాలామంది చదవకుండానే దాటేస్తారు. ఆప్షన్లున్న ప్రశ్నకు ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవని తేలితే, వాటిలో ఏదో ఒకటి గుర్తించిన వారికి మాత్రమే 4 మార్కులు. అన్ని ఆప్షన్లూ సరైనవైతే ప్రయత్నించిన అందరికీ 4. ప్రశ్నే తప్పని తేలినా, ఏ ఆప్షనూ సరైనది కాకపోయినా, ప్రశ్నను తొలగించినా పరీక్షకు హాజరైన అందరికీ 4, ప్రయత్నించకపోయినా సరే.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రశ్న రద్దయితే వదిలేసినవారికీ, తప్పు గుర్తించినవారికీ తేడా లేదు. రెండు జవాబులు సరైనవని ఒప్పుకుంటే మాత్రం వదిలేసినవారికి ఏమీ రాదు. కాబట్టి చేతిలో సమర్థించుకోగలిగిన ఆప్షన్ ఒకటి ఉన్నప్పుడు, ప్రశ్న ఎలాగూ రద్దవుతుందనే నమ్మకంతో ఖాళీగా వదిలేయడం నష్టమే. రెండు ఆప్షన్ల మధ్య సందేహం ఉండి, కీలో ఒకటే నిలిచినా లెక్క మన వైపే ఉంటుంది. సరైతే 4 వస్తుంది, తప్పైతే 1 పోతుంది, సగటున ఒకటిన్నర మార్కు లాభం. నాలుగింటిలో ఏదీ సరిపోక, తప్పు ఎక్కడుందో కూడా ఊహకు అందకపోతే, వదిలి ముందుకు సాగిపోవచ్చు. తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్‌లలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి అక్కడ ఈ ఆలోచనే అవసరం లేదు, ఏదో ఒకటి గుర్తించి రావాలి.

ఇక అచ్చుతప్పు సంగతి. తెలుగు మాధ్యమం ఎంచుకున్నవారు మొదట చేయాల్సిన పని, ప్రశ్న పైన ఉండే `View in` దగ్గర భాష మార్చి ఇంగ్లిష్‌లో చూడటం. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికమని నిబంధన ఉంది. తెలుగులో ఒక ప్రమాణమో, ‘కాదు’ అనే మాటో తప్పిపోయి ఉంటే అక్కడే తేలిపోతుంది.

రెండు భాషల్లోనూ అదే తప్పు ఉంటే ఆప్షన్ల నుంచి వెనక్కి రావాలి. నేను మాక్ టెస్టుల్లో సాధన చేసిన పద్ధతి ఇది. ఉదాహరణకు, 2 మీటర్ల పొడవైన రాగి తీగ మధ్యచ్ఛేద వైశాల్యం 1 m², విశిష్ట నిరోధం 1.7 × 10⁻⁸ Ω m, నిరోధం ఎంత అని అడిగారనుకోండి. ఆప్షన్లు 0.017, 0.034, 0.34, 3.4 ఓములు. లెక్క వేస్తే 3.4 × 10⁻⁸ వస్తుంది, అది ఏ ఆప్షన్‌లోనూ లేదు. ఇక్కడ చాలామంది 3, 4 అంకెలను చూసి 0.34నో, 3.4నో పెట్టేస్తారు. అలా కాకుండా ఏ ఒక్క మార్పు చేస్తే ఈ లెక్క లోకంలో ఉండే తీగకు సరిపోతుందో అడగాలి. చదరపు మీటరు మధ్యచ్ఛేదం ఉన్నది తీగ కాదు, స్తంభం. వైశాల్యం 1 mm² అనుకుంటే, అంటే ఒక్క m రాలిపోయిందనుకుంటే, జవాబు 0.034 అవుతుంది. 1 cm² అనుకుంటే 3.4 × 10⁻⁴ వస్తుంది, అది ఆప్షన్లలో లేదు. ఒకే ఒక్క చిన్న దిద్దుబాటు ఒకే ఒక్క ఆప్షన్‌కు చేర్చింది కాబట్టి 0.034ను గుర్తిస్తాను. రెండు వేర్వేరు దిద్దుబాట్లు రెండు ఆప్షన్లకు చేరిస్తే, ఏది సహజమైన అచ్చుతప్పో చూస్తాను. ఘాతం జారిపోవడం, మైనస్ గుర్తు పోవడం, ప్రమాణంలో అక్షరం తగ్గడం సహజం. సంఖ్య మొత్తం మారిపోవడం అరుదు. దీనికి రెండు నిమిషాలకు మించి ఇవ్వను. `Save & Mark for Review` నొక్కితే జవాబు మూల్యాంకనంలో లెక్కలోకి వస్తుంది, తర్వాత సమయం మిగిలితే మళ్లీ చూసుకోవచ్చు. జవాబు ఎంచుకోకుండా కేవలం `Mark for Review & Next` నొక్కితే మాత్రం అది ఖాళీ కిందే లెక్క.

రెండు జవాబుల సమస్య ఇంతకన్నా లోతైనది. 2024 నీట్ ఫిజిక్స్‌లో పరమాణువు గురించి వచ్చిన ప్రశ్నను గమనించండి. మొదటి వాక్యం, ధన, రుణ ఆవేశాలు సమానంగా ఉండటం వల్ల పరమాణువులు తటస్థంగా ఉంటాయని. రెండోది, ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవి, తమ లాక్షణిక వర్ణపటాన్ని వెలువరిస్తాయని. మొదటిది సరైనదని అందరూ ఒప్పుకుంటారు. రెండో వాక్యంలో ‘ప్రతి’ అన్న మాట దగ్గరే తగాదా. రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరం కాదు కదా. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ‘ప్రతి మూలకం’ అని రాసింది, కొత్త ముద్రణ ‘చాలా మూలకాలు’ అని సవరించింది. పాత పుస్తకం చదివినవారు రెండూ సరైనవన్నారు, కొత్తది చదివినవారు రెండోది తప్పన్నారు. ఈ పరీక్షలు నిర్వహించే ఎన్‌టీఏ మొదట రెండు ఆప్షన్లకూ మార్కులు ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 జూలైలో కోర్టు కోరిన మీదట ఐఐటీ ఢిల్లీ నిపుణుల కమిటీ పరిశీలించి, రెండో వాక్యం తప్పనే ఆప్షన్ ఒక్కటే సరైనదని తేల్చింది. రెండు వాక్యాలూ సరైనవనే జవాబు ఎంచుకున్న నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులు వచ్చిన 4 కోల్పోవడమే కాక 1 తగ్గి, మొత్తం 5 మార్కులు పోగొట్టుకున్నారు.

దీన్నుంచి నేను పరీక్షకు తీసుకెళ్లిన పద్ధతి ఒకటి ఉంది. ‘ప్రతి’, ‘ఎల్లప్పుడూ’, ‘మాత్రమే’ ఉన్న వాక్యానికి ఒక్క మినహాయింపు చూపగలిగితే అది తప్పనే గుర్తించాలి, పుస్తకంలోని వాక్యం గుర్తొచ్చినా సరే. పుస్తకం మీద అనుమానం వస్తే ప్రస్తుత ముద్రణలోని మాటలే చూసుకోవాలి. అందుకే అన్నయ్య, అక్కయ్య వాడిన పాత పుస్తకాలతో చదివేవారు, కొత్త పాఠాన్ని ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఒకసారి పోల్చుకోవాలి.

పరీక్ష అయ్యాక ప్రాథమిక కీ, రెస్పాన్స్ షీట్ వచ్చే రోజుల్లో అసలు పని ఉంటుంది. రఫ్ కాగితాలు హాల్లోనే ఇచ్చేసి వస్తాం కాబట్టి, అనుమానం ఉన్న ప్రశ్న ఏ అధ్యాయానిదో బయటికి రాగానే రాసి పెట్టుకోండి. రెస్పాన్స్ షీట్‌లో `Question ID`, నాలుగు ఆప్షన్ల ఐడీలు, మీ `Chosen Option` ఉంటాయి. కీలో సరైన ఆప్షన్ ఐడీ మాత్రమే ఇస్తారు. ఇక్కడే పొరపాటుకు అవకాశం ఎక్కువ. `Chosen Option : 2` అని ఉంటే దానికి ఎదురుగా ఉన్న ఐడీని తీసి కీతో పోల్చాలి, 2 అనే అంకెతో కాదు. ఆప్షన్ల వరుస అందరికీ ఒకటే ఉండదు, కాబట్టి స్నేహితులు చెప్పిన అంకెను నమ్మకండి.

అభ్యంతరానికి ఒక్కో ప్రశ్నకు 200 రూపాయల రుసుము, గడువు రెండు మూడు రోజులే. పెద్ద వ్యాసం రాయనవసరం లేదు. అచ్చుతప్పు అయితే ఇచ్చిన విలువలతో వచ్చే జవాబును అంచెలంచెలుగా ఒక పేజీలో రాసి, అది ఏ ఆప్షన్‌లోనూ లేదని చూపి అప్‌లోడ్ చేయండి. రెండు జవాబుల కేసైతే ఎన్‌సీఈఆర్‌టీ ప్రస్తుత ముద్రణలోని వాక్యమున్న పేజీని, ముద్రణ సంవత్సరం కనిపించేలా జత చేయండి. కోచింగ్ సంస్థ విడుదల చేసిన కీని సాక్ష్యంగా పెట్టకండి, అది కూడా ఒకరి అభిప్రాయమే. నిపుణులు ఏం తేల్చారో విడిగా ఎవరికీ ఉత్తరం రాదు. తుది కీలో ఆ `Question ID` ఎదురుగా మారిన ఐడీయో, ప్రశ్న తొలగించినట్లు గుర్తో కనిపిస్తుంది.