బ్లాడర్ నిండితే పొర ఎక్కడి నుంచి వస్తుంది? ఫస్ట్ ఇయర్ హిస్టాలజీకి నేను చదివిన తీరు

ఫస్ట్ ఇయర్ ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్లకు ఒక సలహా. యురెటర్, యూరినరీ బ్లాడర్ స్లైడ్లు రెండూ ఒకే రోజు, ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడండి. రెండింటి లోపలి పొర ఒకటే, ట్రాన్సిషనల్ ఎపిథీలియం. దాన్నే యురోథీలియం అంటారు. దాన్ని ఒక్కసారి సరిగ్గా అర్థం చేసుకుంటే మిగిలింది కండరం గురించి నాలుగు మాటలే.

ఆ నాలుగు మాటలూ ముందే చెప్పేస్తాను. యురెటర్‌లో లోపల నిలువు కండరం, బయట గుండ్రటి కండరం, అంటే పేగుకి తలకిందులు. కింది మూడో వంతులో మాత్రం బయట ఇంకో నిలువు పొర కలుస్తుంది. బ్లాడర్‌లో డెట్రూసర్ కట్టలు అన్ని దిక్కులకూ అల్లుకుపోతాయి కాబట్టి స్లైడ్‌లో స్పష్టమైన పొరలు వెతుక్కుని టైమ్ పోగొట్టుకోకండి. యురెటర్ మధ్యలో ఖాళీ నక్షత్రంలా కనిపిస్తుంది. లోపలి పొర మడతలు పడి ఉండటమే దానికి కారణం. మూత్రం బొట్లు బొట్లుగా కిందికి దిగేటప్పుడు ఆ మడతలు విచ్చుకుంటాయి.

ఇక అసలు సంగతి. వైవాలో "ట్రాన్సిషనల్ ఎపిథీలియం ప్రత్యేకత ఏంటి?" అంటే అందరం "సాగుతుంది సర్" అంటాం. ఎక్స్‌టర్నల్ అక్కడితో వదలరు. "ఎలా సాగుతుంది? సాగినప్పుడు ఎందుకు కారదు?" అని అడుగుతారు. నేను దీన్ని ఒక చిన్న లెక్కతో గుర్తుపెట్టుకున్నాను.

బ్లాడర్‌ని గోళం అనుకోండి. నిజానికి అంత గుండ్రంగా ఉండదు కానీ లెక్కకి సరిపోతుంది. 50 ఎంఎల్ మూత్రం ఉన్నప్పుడు వ్యాసార్థం దాదాపు 2.3 సెంటీమీటర్లు, లోపలి వైశాల్యం సుమారు 65 చదరపు సెంటీమీటర్లు. 400 ఎంఎల్‌కి నిండితే వ్యాసార్థం రెట్టింపు, వైశాల్యం నాలుగు రెట్లు, అంటే సుమారు 260. మరి కణం చుట్టూ ఉండే లిపిడ్ పొర మూడు నాలుగు శాతం కంటే ఎక్కువ సాగదు, చిరిగిపోతుంది. నాలుగు శాతం ఎక్కడ, నాలుగు రెట్లు ఎక్కడ? ఆ తేడా పూడేది ఎలా అన్నదే జవాబు.

మొదట గోడ మడతలు, అంటే రూగే, విచ్చుకుంటాయి. ట్రైగోన్ దగ్గర మడతలు ఉండవు, అక్కడ ఎప్పుడూ నున్నగానే ఉంటుంది. తర్వాత కణాల ఆకారం మారుతుంది. ఖాళీ బ్లాడర్‌లో ఐదారు వరుసల కణాలు కనిపిస్తే నిండినప్పుడు రెండు మూడే కనిపిస్తాయి. కణాలు ఎక్కడికీ పోలేదు, పలచబడి పక్కకు పరుచుకున్నాయంతే. అడుగున చిన్న బేసల్ కణాలు, మధ్యలో పియర్ పండు ఆకారంలో ఇంటర్మీడియట్ కణాలు, పైన అంబ్రెల్లా కణాలు ఉంటాయి. ఈ పైవాటిలో కొన్నింటికి రెండు న్యూక్లియస్‌లు ఉంటాయి.

మూడోది చాలామంది ఆన్సర్ షీట్‌లో కనిపించదు, మార్కులు మాత్రం దానికే ఎక్కువ. అంబ్రెల్లా కణాల లోపల, పై అంచు కిందే, కదురు ఆకారంలో చదునైన సంచులు దాచి ఉంటాయి. వాటిని ఫ్యూసిఫార్మ్ వెసికిల్స్ అంటారు. బ్లాడర్ నిండుతూ కణం మీద లాగుడు పెరిగితే ఆ సంచులు పైకొచ్చి పై పొరలో కలిసిపోతాయి. అంటే ఉన్న పొర సాగడం కాదు, దాచిన పొర వచ్చి చేరడం. మూత్రం పోసేశాక ఎండోసైటోసిస్‌తో ఆ అదనపు పొర మళ్లీ లోపలికి వెళ్తుంది. ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే వైవా సగం అయిపోయినట్టే.

కారకపోవడం వేరే ప్రశ్న. మూత్రం గాఢత 1200 మిల్లీ ఆస్మోల్స్ దాకా పోవచ్చు, రక్తానిది 290 దగ్గర్లో ఉంటుంది. అడ్డు గట్టిగా లేకపోతే రక్తంలోని నీరు మూత్రంలోకి, మూత్రంలోని యూరియా రక్తంలోకి పోయి కిడ్నీ పడ్డ కష్టమంతా వృథా. అందుకే అంబ్రెల్లా కణం పై పొర మామూలు పొరలా ఉండదు. యురోప్లాకిన్ అనే ప్రోటీన్లు ఆరుకోణాల ముక్కలుగా పేర్చుకుని గట్టి ఫలకాలు కడతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే పొర బయటి సగం లోపలి సగం కంటే మందంగా కనిపిస్తుంది. దాన్నే అసిమెట్రిక్ యూనిట్ మెంబ్రేన్ అంటారు. ఫలకాల మధ్య మామూలు పొర సన్నని పట్టీలుగా ఉంటుంది. షాపుల ముందు ఉండే మడత తలుపు ఊహించుకోండి, పలకలు వంగవు, మధ్యలో కీళ్లు వంగుతాయి. సంచులు తెచ్చే పొర కూడా ఈ ఫలకాలున్న పొరే కాబట్టి బ్లాడర్ పెరిగినా అడ్డు పలచబడదు. ఇక కణానికీ కణానికీ మధ్య సందుని టైట్ జంక్షన్లు మూసేస్తాయి. కణం వెడల్పయ్యేకొద్దీ ఆ జంక్షన్ల వలయం కూడా పెద్దదవుతుంది, తెగదు.

ఇది ఊహ కాదనడానికి ఒక రుజువు ఉంది, రాస్తే ఎగ్జామినర్ ఆగి చదువుతారు. యురోప్లాకిన్ త్రీ జీన్ తీసేసిన ఎలుకల్లో ఫలకాలు చిన్నవైపోయాయి, బ్లాడర్ గోడ గుండా నీరు ఎక్కువగా దాటింది. పైగా యురెటర్ బ్లాడర్‌లోకి తెరుచుకునే రంధ్రాలు పెద్దవై మూత్రం వెనక్కి కిడ్నీ వైపు ఎక్కింది. సెకండ్ ఇయర్‌లో ఇంకోటి వస్తుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలి పట్టుకునేది యురోప్లాకిన్ వన్-ఏ నే. దానికి స్పందనగా అంబ్రెల్లా కణాలు ఊడి మూత్రంలో పడిపోతాయి. బ్యాక్టీరియా కొంత పోతుంది కానీ కింది కణాలు ఎదిగి పైకి వచ్చేదాకా అక్కడ అడ్డు బలహీనమే.

స్పాటర్‌లో అందరూ తడబడేది నిండిన బ్లాడర్ స్లైడ్ దగ్గర. రెండు మూడు వరుసలే, పైన చదును కణాలు, చూడగానే ఈసోఫేగస్ అనిపిస్తుంది. ముందు వరుసలు లెక్కపెట్టండి, ఈసోఫేగస్‌లో చాలా ఎక్కువ ఉంటాయి. తర్వాత పై కణాన్ని కింది కణంతో పోల్చండి. ఈసోఫేగస్‌లో పైకి పోయేకొద్దీ కణం, న్యూక్లియస్ రెండూ పలచబడతాయి. యురోథీలియంలో ఎంత సాగినా పై కణమే అన్నింటికంటే పెద్దది, దాని పై అంచు కాస్త ముదురు గులాబీ గీతలా కనిపిస్తుంది. యురెటర్‌ని వాస్ డిఫరెన్స్ అనుకునేవాళ్లూ ఉంటారు. వాస్‌లో ఎపిథీలియం సూడోస్ట్రాటిఫైడ్, స్టీరియోసిలియా ఉంటాయి, కండరం మూడు పొరలుగా చాలా మందంగా ఉండి మధ్య ఖాళీ చిన్నదిగా కనిపిస్తుంది.

రికార్డులో బొమ్మ గీసేటప్పుడు పై వరుస కణాలను గుమ్మటంలా, కింది రెండు మూడు కణాల మీద పరిచినట్టు గీయండి. ఒకదానికి రెండు న్యూక్లియస్‌లు పెట్టండి. బ్లాడర్ బయటి పొరకి లేబుల్ రాసేటప్పుడు పై ఉపరితలం అయితే సెరోసా, మిగతా చోట్ల అడ్వెంటీషియా అని రెండూ రాయండి, ఒకటే రాస్తే "ఏ ఉపరితలం?" అని వెంటనే అడుగుతారు.